రాత్రి డ్యూటీని గంటల్లో లెక్కించండి: ఆసుపత్రుల, కాల్ సెంటర్ల యాజమాన్యాలకు బహిరంగ లేఖ

ఆసుపత్రుల, కాల్ సెంటర్ల యాజమాన్యాలకు, వాటి జీతాల విభాగాల బాధ్యులకు, కార్మిక శాఖ అధికారులకు,

నమస్కారం.

ఈ లేఖ రాస్తున్న నేను ఆసుపత్రి వార్డులో స్టాఫ్ నర్సుగా పనిచేస్తున్నాను. నాతో పాటు దీనిపై సంతకాలు చేసినవారిలో నర్సులు, ల్యాబ్ టెక్నీషియన్లు, వార్డు సహాయకులు, కాల్ సెంటర్ ఉద్యోగులు ఉన్నారు. మా పనులు వేరైనా, నెలాఖరున పే స్లిప్ అందుకున్నప్పుడు మాకు ఎదురయ్యే సమస్య ఒక్కటే కాబట్టి కలిసి రాస్తున్నాము. ఇదే విషయమై ఎవరి పైఅధికారులకు వారు విడివిడిగా దరఖాస్తులు ఇచ్చుకున్నాము. వార్డు నుంచి నర్సింగ్ సూపరింటెండెంటుకు, అక్కడి నుంచి హెచ్‌ఆర్‌కు, హెచ్‌ఆర్ నుంచి జీతాల విభాగానికి తిరిగిన ఆ కాగితాలకు చివరకు వచ్చిన సమాధానం "సిస్టమ్‌లో అలాగే చూపిస్తోంది" అన్నది మాత్రమే. సిస్టమ్ ఎందుకు అలా చూపిస్తోందో చెప్పగలవారు ఎవరూ ఎదురుపడకపోవడంతో మేమే కూర్చొని హాజరు పంచ్‌లను, రోస్టర్లను, పే స్లిప్‌లను పక్కపక్కన పెట్టి చూశాము. అలా తేలిన సంగతులను మీ ముందు, ప్రజల ముందు ఉంచుతున్నాము.

రాత్రి భత్యం రేటు పెంచమని ఈ లేఖలో అడగడం లేదు. ఆ చర్చ వేరు, దానికి వేరే సమయం ఉంది. ఇవ్వవలసి ఉందని నియామక పత్రాల్లో మీరే రాసి ఇచ్చిన భత్యాన్ని ఏ కొలతతో కొలుస్తున్నారన్నదే ఇక్కడి విషయం.

1. అర్ధరాత్రి దగ్గర డ్యూటీ రెండుగా తెగిపోతోంది.

మా లెక్కల్లో జరుగుతున్న నష్టంలో ఎక్కువ భాగం ఇక్కడే ఉంది కనుక దీన్ని వివరంగా చెప్పవలసి ఉంది. ఒక నర్సుకు సోమ, మంగళ, బుధవారాల్లో వరుసగా మూడు రాత్రులు డ్యూటీ పడిందనుకోండి. ఒక్కో డ్యూటీ రాత్రి 8 గంటలకు మొదలై మర్నాడు ఉదయం 8 గంటలకు ముగుస్తుంది. ఆమె పది నిమిషాలు ముందుగా వచ్చి 7.50కి పంచ్ చేస్తుంది. ఉదయం వచ్చిన నర్సుకు రోగులను అప్పగించి 8.25కి బయటికి పంచ్ చేస్తుంది. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు ఉన్న సమయాన్ని రాత్రి వేళగా తీసుకుంటే ఒక్కో డ్యూటీలో 8 రాత్రి గంటలు, మూడు డ్యూటీల్లో కలిపి 24 రాత్రి గంటలు ఆమె పని చేసినట్టు.

ఇప్పుడు హాజరు సాఫ్ట్‌వేర్ ఏం చూస్తుందో చూడండి. చాలాచోట్ల అది ఒక తేదీలో పడిన మొదటి పంచ్‌ను రాకగా, చివరి పంచ్‌ను పోకగా తీసుకుంటుంది. పగటి డ్యూటీకి ఆ పద్ధతి సరిపోతుంది. మన నర్సు విషయంలో సోమవారం తేదీ కింద రాత్రి 7.50 పంచ్ ఒక్కటే ఉంటుంది కాబట్టి ఆ రోజు "పంచ్ లేదు" అన్న గుర్తు పడుతుంది. మంగళవారం తేదీ కింద ఉదయం 8.25, రాత్రి 7.50 అని రెండు పంచ్‌లు కనిపిస్తాయి. నిజానికి వాటి మధ్య సమయంలో ఆమె ఇంటికి వెళ్లి నిద్రపోయింది. సాఫ్ట్‌వేర్ మాత్రం ఆమె ఉదయం 8.25కి వచ్చి రాత్రి 7.50 దాకా, అంటే 11 గంటల 25 నిమిషాలు, పగటి డ్యూటీ చేసిందని రాసుకుంటుంది. బుధవారం కూడా అంతే. గురువారం ఉదయం 8.25 పంచ్ ఒంటరిగా మిగిలి మళ్లీ "పంచ్ లేదు" అవుతుంది. మూడు రాత్రి డ్యూటీలు ఈ విధంగా రెండు పగటి డ్యూటీలుగా, రెండు అసంపూర్ణ హాజరులుగా మారిపోతాయి. రాత్రి గంటల గడిలో సున్నా పడుతుంది.

సరిదిద్దుకోవడానికి దారి ఉంది కదా అని మీరు అనవచ్చు. ఉంది. హాజరును రెగ్యులరైజ్ చేయమని ఫారం నింపాలి. కానీ ఆ ఫారం ఒక తేదీకి ఆ తేదీలోని సమయాన్నే తీసుకుంటుంది కనుక సోమవారం పోక సమయంగా రాత్రి 11.59 అని, గురువారం రాక సమయంగా అర్ధరాత్రి 12 అని రాయవలసి వస్తుంది. అలా రాస్తే సోమవారం కింద 2 రాత్రి గంటలు, గురువారం కింద 6 రాత్రి గంటలు చేరతాయి. మంగళ, బుధవారాల్లో లోపం ఉన్నట్టు సాఫ్ట్‌వేర్‌కు తెలియనే తెలియదు. దాని దృష్టిలో అవి చక్కని పగటి డ్యూటీలు. అందువల్ల వాటిని సరిదిద్దమన్న గుర్తు ఎవరికీ రాదు. ఫారాలన్నీ సక్రమంగా నింపి, సంతకాలన్నీ చేయించుకున్న తరువాత కూడా 24 గంటల్లో 8 గంటలే లెక్కకెక్కుతాయి, 16 గంటలు పోతాయి. పైగా వరుసగా ఎన్ని ఎక్కువ రాత్రులు చేస్తే మధ్యలో కనబడకుండా పోయే తేదీలు అన్ని ఎక్కువవుతాయి. ఎక్కువ రాత్రులు మోసినవారికే ఎక్కువ నష్టం జరగడం ఈ లెక్కలోని వింత.

ఈ లోపాన్ని గుర్తించడం ఎవరికైనా సులభమే. రోస్టర్‌లో రాత్రి డ్యూటీ అని ఉన్న తేదీకి హాజరు నివేదికలో ఉదయం రాక, సాయంత్రం లేదా రాత్రి పోక కనిపించినా, డ్యూటీల వరుసకు మొదటి తేదీన, చివరి తేదీ మర్నాడు "పంచ్ లేదు" అన్న గుర్తు ఉన్నా, ఆ పంచ్‌లు తప్పుగా జతపడ్డాయని అర్థం. రోస్టర్‌నూ హాజరు నివేదికనూ పక్కపక్కన పెట్టి చూసే పని జీతాల విభాగంలో ప్రతి నెలా జరగవలసి ఉండగా, అది మా ఇళ్లలో మేము చేసుకుంటున్నాము.

అంతర్జాతీయ కార్మిక సంస్థ 1990లో ఆమోదించిన 171వ ఒప్పందం, అర్ధరాత్రి నుంచి ఉదయం 5 వరకు ఉన్న సమయం కలిసేలా, వరుసగా 7 గంటలకు తక్కువ కాని కాలవ్యవధిలో చేసే పనిని రాత్రి పనిగా చెప్పింది. అందులో తేదీ ప్రసక్తి లేదు. డ్యూటీ ఏ తేదీన మొదలైతే ఆ తేదీకే దాన్ని మొత్తంగా కట్టి, రాకకు తరువాత వచ్చే పోకను, అది మర్నాటిదైనా సరే, దానికే జతచేయాలని మేము కోరుతున్నాము. ఇందుకు కొత్త సాఫ్ట్‌వేర్ కొనవలసిన అవసరం సాధారణంగా ఉండదు. షిఫ్ట్ అర్ధరాత్రి దాటుతుందన్న సంగతిని షిఫ్ట్ వివరాల్లో నమోదు చేస్తే సరిపోయే వ్యవస్థలు చాలా ఉన్నాయి. అందరినీ పగటి షిఫ్ట్ కిందే నమోదు చేసి వదిలేయడం వల్లే ఈ తంటా.

2. "కనీసం ఇన్ని రాత్రి గంటలు ఉంటేనే" అన్న నిబంధన.

ఇది ప్రధానంగా కాల్ సెంటర్ ఉద్యోగుల బాధ. డ్యూటీలో కనీసం 6 రాత్రి గంటలు ఉంటేనే ఆ రాత్రికి షిఫ్ట్ అలవెన్స్ ఇస్తామని, లేకుంటే ఏమీ లేదని నియమం పెట్టుకున్న చోట ఏం జరుగుతుందో చూడండి. మాతో సంతకం చేసిన ఒకరి షిఫ్ట్ సాయంత్రం 6.30 నుంచి తెల్లవారుజామున 3.30 వరకు. రాత్రి 10 నుంచి లెక్కిస్తే ఆయన పనిచేసే రాత్రి సమయం 5 గంటల 30 నిమిషాలు. ఆరుకు అరగంట తక్కువైంది కనుక భత్యం సున్నా. ఆ అరగంట కోసం మిగతా అయిదున్నర గంటలూ పగటి గంటలుగా మారిపోయాయి.

ఇందులో ఇంకో తిరకాసు ఉంది. ఆయన మాట్లాడే ఖాతాదారులు ఏడాదికి రెండుసార్లు గడియారాలు మార్చుకునే దేశంలో ఉంటారు, ఆయన అలా మార్చని దేశంలో ఉంటారు. వేసవిలో అక్కడి గడియారం ఒక గంట ముందుకు జరిగితే ఇక్కడి షిఫ్ట్ గంట ముందే, 6.30కి మొదలవుతుంది. శీతాకాలంలో అదే షిఫ్ట్ 7.30కి మొదలై 4.30కి ముగుస్తుంది, అప్పుడు రాత్రి సమయం ఆరున్నర గంటలు అవుతుంది, భత్యం వస్తుంది. అవే కాల్స్, అదే కుర్చీ, అదే తొమ్మిది గంటలు. ఏడాదిలో కొన్ని నెలలు ఆయన రాత్రి ఉద్యోగి, మిగతా నెలల్లో కాదు. గడియారం మారిన నెలలో జీతం ఎందుకు తగ్గిందో అర్థంకాక టీమ్ లీడర్‌ను అడిగితే, తన పనితీరులో ఏదో లోపం వల్ల కోత పడిందేమోనన్న అనుమానంతోనే ఆయన వెనుదిరగవలసి వచ్చింది.

గంటల వారీ లెక్కలో ఈ గట్టు ఉండదు. ఫిలిప్పీన్స్‌లో కాల్ సెంటర్ పని చాలా పెద్ద పరిశ్రమ. అక్కడి కార్మిక చట్టం ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 మధ్య చేసిన ప్రతి గంటకూ మామూలు వేతనం మీద కనీసం 10 శాతం అదనంగా ఇవ్వాలి. అయిదున్నర గంటలు చేస్తే అయిదున్నర గంటలకు, ఆరున్నర చేస్తే ఆరున్నరకు. బ్రిటన్ ప్రభుత్వ ఆరోగ్య వ్యవస్థలో కనీస పరిమితి లాంటిది ఒకటి ఉంది గానీ అది ఉద్యోగికి మేలు చేసే వైపు ఉంది: వారపు దినాల్లో రాత్రి డ్యూటీలో సగానికి మించిన సమయం రాత్రి 8 నుంచి ఉదయం 6 మధ్య పడితే, బయట మిగిలిన గంటలతో సహా డ్యూటీ మొత్తానికి అదనపు రేటు వర్తిస్తుంది. మేము అంత దూరం కూడా పోవడం లేదు. ఎన్ని రాత్రి గంటలు చేస్తే అన్నింటికి, నిమిషాలతో సహా, లెక్క కట్టండి చాలు.

3. అప్పగింత సమయం, లాగిన్ ముందటి సమయం.

పైన చెప్పిన నర్సు మూడు డ్యూటీల్లోనూ పది నిమిషాలు ముందు వచ్చి, ఇరవై అయిదు నిమిషాలు ఆలస్యంగా వెళ్లింది. మూడు రాత్రులకు అది 1 గంట 45 నిమిషాలు. సెలైన్ ఎక్కడిదాకా ఎక్కింది, రాత్రి ఏ మందు ఎప్పుడు ఇచ్చారు, ఏ రోగికి జ్వరం తిరగబెట్టింది అన్నవి మంచం మంచం దగ్గర నిలబడి చెప్పకుండా వార్డు వదిలి వెళ్లిన నర్సును ఏ ఆసుపత్రీ ఉపేక్షించదు. అంటే అది పనే. అయినా షిఫ్ట్ 8కి ముగిసిందని ఆ సమయాన్ని కోసేస్తున్నారు. దీని ఫలితం జీతంతో ఆగడం లేదు. డబ్బు రాని సమయాన్ని మనిషి సహజంగానే కుదించుకుంటాడు. అప్పగింత పుస్తకంలో రెండు ముక్కలు రాసి వెళ్లిపోయే అలవాటు వార్డుల్లో పెరుగుతోంది. రెండుసార్లు పడిన మందుకూ, అసలు పడని మందుకూ దారి తీసేవి ఇలాంటి అప్పగింతలే. నష్టపోయేది మంచం మీద ఉన్న రోగి.

కాల్ సెంటర్‌లో ఇదే సమస్య మరో వేషంలో ఉంది. హాజరును గేటు పంచ్‌తో కాక లాగిన్ సమయంతో కొలుస్తారు. కంప్యూటర్ తెరుచుకుని, నెట్‌వర్క్ కలిసి, కాల్స్ తీసుకునే స్థితికి వచ్చేదాకా గడిచిన నిమిషాలు లెక్కలోకి రావు. షిఫ్ట్ 3.30కి ముగియవలసి ఉండగా కాల్ 3.52 దాకా సాగితే, పదిహేను నిమిషాల ముక్కలుగా కిందికి సవరించి 15 నిమిషాలే ఇస్తారు. మిగిలిన 7 నిమిషాలు గాలికి. రోజూ ఒకే వైపు సవరించడం వల్ల నెల తిరిగేసరికి అది గంటల్లోకి చేరుతుంది. సవరణ తప్పదనుకుంటే దగ్గరి ముక్కకు, పైకైనా కిందికైనా, చేయండి. అంతకన్నా నిమిషాల్లోనే ఉంచడం మేలు; కాల్ నిడివిని సెకన్లలో నమోదు చేయగల సంస్థకు అది కష్టం కాదు.

4. గంట జీతాన్ని దేనితో భాగిస్తున్నారు?

రాత్రి గంటలు సరిగ్గా తేలిన తరువాత కూడా ఒక్కో గంట విలువ ఎంతన్నది మిగులుతుంది. ఇది మా పే స్లిప్‌లలో ఎక్కడా కనిపించదు. నెల జీతం 24,000 అనుకుందాం. దాన్ని 30 రోజులు, రోజుకు 8 గంటల చొప్పున 240తో భాగిస్తే గంటకు 100 వస్తుంది. 26 పనిదినాల చొప్పున 208తో భాగిస్తే 115 పైచిలుకు. 200తో భాగిస్తే 120. వారాంతపు సెలవులను కూడా భాజకంలో కలిపితే, పనిచేయని రోజులు పనిచేసిన గంట విలువను తగ్గిస్తాయి. 240కీ 200కీ మధ్య తేడా ఇరవై శాతం. ఇక దేన్ని భాగిస్తున్నారన్నది మరో ప్రశ్న. మూల వేతనం ఒక్కటే తీసుకుంటే గంట విలువ ఇంకా పడిపోతుంది.

భారత కేంద్ర ప్రభుత్వం 2020 జూలైలో తన ఉద్యోగుల రాత్రి డ్యూటీ భత్యంపై ఇచ్చిన ఉత్తర్వులో సూత్రాన్ని బాహాటంగా రాసింది. మూల వేతనం, కరువు భత్యం కలిపి 200తో భాగిస్తే గంట రేటు. రాత్రి 10 నుంచి ఉదయం 6 మధ్య చేసిన ప్రతి గంటకు 10 నిమిషాల అదనపు లెక్క. మూల వేతనం ఒక పరిమితి దాటినవారికి ఆ భత్యం వర్తించదన్న షరతు అందులో ఉంది, దానిపై అభ్యంతరాలూ ఉన్నాయి. కానీ కాగితం, కలం ఉన్న ఏ ఉద్యోగి అయినా తన భత్యాన్ని తాను లెక్కవేసుకోగలడు. మేము కోరుతున్నది ఆ వీలునే.

మొదట చెప్పిన మూడు రాత్రులనే తీసుకుంటే ఆ సూత్రం ప్రకారం 24 గంటలకు 240 నిమిషాలు, అంటే 4 గంటల జీతం అదనంగా రావాలి. ఫిలిప్పీన్స్ కనీస రేటుతో అయితే 2.4 గంటల జీతం. జపాన్ చట్టం రాత్రి 10 నుంచి ఉదయం 5 మధ్య పనికి కనీసం 25 శాతం అదనం ఇవ్వాలంటుంది కనుక రాత్రికి 7 చొప్పున 21 గంటలకు 5.25 గంటల జీతం. రేట్లు వేరు, వేళలు కొంచెం వేరు. మూడింటిలోనూ కొలత గంటే. తప్పుగా జతపడిన పంచ్‌లతో మా నర్సుకు వచ్చింది మాత్రం సున్నా.

5. ఒక్క గైర్హాజరుకు నెల భత్యం మొత్తం రద్దు.

కొన్ని కాల్ సెంటర్లలో నెలలో ఒక్కరోజు ముందస్తు అనుమతి లేకుండా సెలవు పెడితే ఆ నెల షిఫ్ట్ అలవెన్స్ అంతా పోతుంది. హాజరుకు ప్రోత్సాహకం ఇవ్వాలనుకుంటే దానికి ఆ పేరుతో వేరే మొత్తం పెట్టుకోండి. చేసేసిన రాత్రి పనికి ఇవ్వవలసిన డబ్బును జరిమానాగా పట్టుకోవడం అన్యాయం. జ్వరంతో ఉన్న మనిషి భత్యం పోతుందన్న భయంతో షిఫ్ట్‌కు వచ్చి కూర్చోవడం ఆ గదిలోని మిగతావారికి కూడా మంచిది కాదు.

మా కోరికలు ఇవి.

ఒకటి, అర్ధరాత్రి దాటే ప్రతి షిఫ్టునూ మొదలైన తేదీకి చెందిన ఒకే డ్యూటీగా నమోదు చేయాలి. రోస్టర్‌కూ హాజరుకూ పొంతన లేని తేదీల జాబితాను జీతం ఖరారు కావడానికి ముందే ఉద్యోగికి పంపాలి. ఆ జాబితాలో "పంచ్ లేదు" అన్నవి మాత్రమే కాక, రాత్రి రోస్టర్ ఉండి పగటి హాజరు పడిన తేదీలు కూడా ఉండాలి. అవి లేకుండా ఆ జాబితా వల్ల ప్రయోజనం లేదు.

రెండు, కనీస రాత్రి గంటల పరిమితిని తీసివేసి, చేసిన సమయానికి చేసినంత చెల్లించాలి. అప్పగింత, లాగిన్ ముందటి సమయం, షిఫ్ట్ దాటి సాగిన కాల్ పని సమయంలో భాగం కావాలి.

మూడు, పే స్లిప్‌లో నాలుగు అంకెలు విడిగా కనిపించాలి: ఆ నెల రాత్రి గంటలు, గంట జీతం, దాన్ని రాబట్టిన భాజకం, అదనపు రేటు. "షిఫ్ట్ అలవెన్స్" అని ఒకే మొత్తం చూపితే దానిలో తప్పు ఉందో లేదో తేల్చుకోవడం ఎవరికీ సాధ్యం కాదు.

నాలుగు, గత పన్నెండు నెలల పంచ్‌లను సరైన జతలతో తిరిగి లెక్కించి బకాయి చెల్లించాలి. పంచ్ సమయాలు మీ సర్వర్లలోనే ఉన్నాయి, రోస్టర్లు మీ ఫైళ్లలోనే ఉన్నాయి. మమ్మల్ని ఒక్కో తేదీకి ఒక్కో ఫారం నింపమనకండి. తిరిగి లెక్కించినప్పుడు ఎవరికైనా ఎక్కువ చెల్లించినట్టు తేలితే, అది ఉద్యోగి తప్పు కాదు కనుక, రాబట్టకూడదు.

అయిదు, కార్మిక శాఖ అధికారులకు ప్రత్యేకంగా ఒక మనవి. తనిఖీలకు వచ్చినప్పుడు నెల మొత్తం హాజరు నివేదికను చూసి సంతృప్తి చెందవద్దు. వరుసగా మూడు రాత్రులు చేసిన అయిదుగురు ఉద్యోగుల పేర్లు రోస్టర్ నుంచి మీరే ఎంచుకొని, వారి పంచ్‌లను, పే స్లిప్‌లను అడగండి. లోపం ఉంటే ఆ అయిదు కాగితాల్లోనే బయటపడుతుంది.

ఈ లేఖ అందిన 30 రోజుల్లోగా మొదటి మూడు కోరికలపై రాతపూర్వకమైన జవాబును, నాలుగో దానికి ఒక కాలపట్టికను ఇవ్వాలని కోరుతున్నాము. మేము సిద్ధం చేసిన పంచ్‌ల పట్టికలను ఉద్యోగుల అనుమతితో మీ జీతాల విభాగం ముందు ఉంచి, అంకె అంకెనూ సరిచూడడానికి మాలో ముగ్గురం ఏ రోజైనా రాగలం. రాత్రి డ్యూటీ దిగిన ఉదయం కాకుండా మరో సమయం ఇవ్వండి.

ఇట్లు,
రాత్రి డ్యూటీ ఉద్యోగుల తరఫున,
ఒక స్టాఫ్ నర్సు